ఫొటోలో జలపాతం, మ్యాప్‌లో గీతలు: చోటు పట్టుకోవడం ఎలా?

పచ్చటి లోయ, కుడివైపు నిలువు రాతిగోడ మీంచి సన్నగా జారుతున్న జలపాతం, కింద చెక్క ఇళ్లు, వాటి మధ్య మొన తేలిన ఒక చర్చి గోపురం, వెనకాల మంచు కొండ. ఇలాంటి ఫొటో ఒకటి ‘కశ్మీర్‌లోని అందమైన పల్లె’ అన్న క్యాప్షన్‌తో మీ గ్రూపులోకి వచ్చిందనుకుందాం. చాలామంది దాన్ని చూడగానే స్విట్జర్లాండ్ అంటారు. అనడం వేరు, చూపించడం వేరు. ఈ దృశ్యం ఎంత ప్రసిద్ధమంటే, ఫొటోను రివర్స్ ఇమేజ్ సెర్చ్‌లో వేస్తే క్షణంలో పేరు చెప్పేస్తుంది. కావాలనే దీన్ని ఎంచుకున్నాను. జవాబు ముందే తెలిసిన ఫొటో మీద పద్ధతి నేర్చుకుంటే ప్రతి అడుగునూ మీరే సరిచూసుకోవచ్చు. ఎవరికీ తెలియని లోయ ఫొటో వచ్చినప్పుడు సెర్చ్ చేతులెత్తేస్తుంది. అప్పుడు ఉపయోగపడేది ఈ పద్ధతే.

మొదట చెప్పాల్సిన మాట: ఫొటోలో కన్ను ముందుగా నీటి మీదే పడుతుంది, కానీ గుర్తుపట్టడానికి నీరు బలహీనమైన ఆధారం. ఆదిలాబాద్ వైపు కుంటాల జలపాతాన్ని ఆగస్టులో చూసినవాళ్లు ఏప్రిల్‌లో వెళ్తే అదే చోటని నమ్మడం కష్టం. వర్షాకాలంలో మూడు పాయలుగా దూకే జలపాతం వేసవిలో ఒక తడి మరకగా మిగలొచ్చు. చెరువు ఒడ్డు నెలనెలా జరుగుతుంది. నది ఇసుక తిన్నెలు ప్రతి వరదకూ మారతాయి. మారనిది ఆ నీటిని పట్టుకున్న నేల: రాతిగోడ పైఅంచు, శిఖరాల వరుస, లోయ వంపు. అందుకే ఫొటోకూ మ్యాప్‌కూ నీటి దగ్గర తేడా కనిపిస్తే దానికి కారణం వెతకాలి. రాతి దగ్గర తేడా కనిపిస్తే చోటే మార్చుకోవాలి.

ఇప్పుడు మన ఫొటోలో నేల ఏం చెబుతోందో చూద్దాం. లోయ అడుగు చదునుగా, వెడల్పుగా ఉంది. రెండువైపులా గోడలు దాదాపు నిలువుగా లేచాయి. నది మాత్రమే కోసుకున్న లోయ సాధారణంగా ఇలా ఉండదు. అక్కడ వాలు రెండువైపుల నుంచీ దిగి కింద నది దగ్గర ఇరుకుగా కలుస్తుంది. అడుగు చదునుగా, పక్కలు నిలువుగా తొట్టిలా ఉందంటే అది హిమానీనదం, అంటే కదిలే మంచు, తొలిచిన లోయ. ఆ మంచు ప్రధాన లోయను లోతుగా కోసేసింది. పక్కనుంచి వచ్చే చిన్న లోయలను అంత లోతుకు కోయలేక పైనే వదిలేసింది. మంచు కరిగిపోయాక ఆ పక్క లోయల వాగులు కిందికి దిగే దారి లేక గోడ అంచు నుంచి దూకాయి. ఇలాంటి లోయల్లో జలపాతాలు ఒక్కటి కాదు, వరసగా ఉండటానికి కారణం ఇదే. కాబట్టి ‘లోయలో జలపాతం ఉంది’ అన్నది మాత్రమే పట్టుకుని వెతికితే వందల చోట్లు తగులుతాయి.

టెర్రెయిన్ వ్యూలో ఈ ఆకారం ఎలా కనిపిస్తుందో తెలిస్తే వెతుకులాట సగం తేలికవుతుంది. గూగుల్ మ్యాప్స్‌లో టెర్రెయిన్ పొర తెరిచి దగ్గరికి వెళ్తే సన్నటి కాంటూర్ గీతలు వస్తాయి. ఒక్కో గీత ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలుపుతుంది. గీతలు దూరదూరంగా ఉంటే నేల మెల్లగా లేస్తోందని, దగ్గరగా ఉంటే నిటారుగా లేస్తోందని అర్థం. ఇరవై మీటర్లకో గీత వేసిన మ్యాప్‌లో 300 మీటర్ల నిలువు గోడ ఉంటే పదిహేను గీతలు ఒకదానిమీద ఒకటి కుప్పపడి దాదాపు ఒకే నల్లటి పట్టీలా కనిపిస్తాయి. ఆ పట్టీని నీలిరంగు వాగు గీత అడ్డంగా దాటుతుంటే అక్కడ జలపాతం ఉండే అవకాశం ఎక్కువ, మ్యాప్ మీద దానికి పేరున్నా లేకపోయినా. వాగు ఎటు నుంచి ఎటు పారుతోందో కూడా గీతలే చెబుతాయి. లోయను దాటేటప్పుడు గీత వంగి ఒక మొన ఏర్పడుతుంది. ఆ మొన ఎప్పుడూ ఎగువవైపే చూపిస్తుంది.

మన ఫొటోలో ఇంకో వివరం ఉంది. జలపాతం దూకే అంచు దగ్గర కొంచెం పచ్చిక, నాలుగు చెట్లు కనిపిస్తున్నాయి. అంటే గోడ పైకొస కొండ శిఖరం కాదు. అక్కడ ఒక మెట్టు ఉంది, దాని వెనకాల కొండ మళ్లీ లేస్తుంది. మ్యాప్‌లో దీని గుర్తు: గీతలు కుప్పగా, తర్వాత విడివిడిగా, మళ్లీ దగ్గరగా. ఈ వరుస లేని లోయలను పక్కన పెట్టేయొచ్చు.

పోటీదారుల్ని వరసగా పరీక్షిద్దాం. పహల్గాం దగ్గర లిడ్డర్ లోయను టెర్రెయిన్ వ్యూలో తెరిస్తే గీతలు వాలు పొడవునా పరుచుకుని ఉంటాయి, కిలోమీటర్ల కొద్దీ ఇలా గోడలా కుప్పపడవు. నార్వే పడమటి తీరంలో గోడలున్నాయి, జలపాతాలున్నాయి, కానీ అక్కడ చాలా లోయల్లోకి సముద్రం వచ్చి కూర్చుంది. అడుగున పచ్చిక బదులు ఉప్పునీరు ఉంటుంది. అమెరికాలో యోసెమిటీ లోయ ఆకారం దగ్గరగానే ఉంటుంది. అక్కడి బ్రైడల్‌వీల్ జలపాతం కూడా పేరున్న ఫొటోల్లో కుడివైపే కనిపిస్తుంది. కానీ అక్కడ గ్రానైట్ బండలు గుండ్రంగా నున్నగా ఉంటాయి, మన ఫొటోలో గోడ అడ్డపొరలుగా ఉంది. మిగిలింది ఆల్ప్స్.

ఆల్ప్స్ అంతా కంటితో గాలించలేం. ఇక్కడ జనమే కలిసి గీసే ఉచిత మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పనికొస్తుంది. అందులో జలపాతాలకు విడిగా ట్యాగ్ ఉంటుంది. ‘ఓవర్‌పాస్ టర్బో’ అనే పేజీలో ఒక చిన్న ప్రశ్న రాస్తే, మీరిచ్చిన హద్దుల్లో ఎవరైనా గుర్తించిన జలపాతాలన్నీ చుక్కలుగా వస్తాయి. హద్దులు దక్షిణం, పడమర, ఉత్తరం, తూర్పు అనే వరుసలో ఇవ్వాలి. స్విట్జర్లాండ్‌లో బెర్నీస్ ఓబర్‌లాండ్ ప్రాంతానికి ఇలా:

```
[out:json][timeout:60];
node["waterway"="waterfall"](46.4,7.7,46.7,8.1);
out;
```

చుక్కలు వచ్చాక వాటి వెనక టెర్రెయిన్ పొర పెట్టి చూడండి. కొండల్లో అక్కడక్కడా చెదిరిన చుక్కల మధ్య ఒకచోట అవి రెండు వరుసలుగా, లోయకు అటూ ఇటూ నిలబడి ఉంటాయి. అదే లౌటర్‌బ్రూనెన్ లోయ. అక్కడ 72 జలపాతాలున్నాయని పర్యాటకులకు చెబుతుంటారు. ఇంత వరసగా ఉన్నప్పుడు మన ఫొటోలోది ఏది?

దిక్కు తేలితే ఈ ప్రశ్న సగం విడిపోతుంది. ఈ లోయ దాదాపు ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది. వైసె ల్యూట్షినె నది దక్షిణాన ఉన్న మంచుకొండల్లో పుట్టి ఉత్తరంగా ఇంటర్‌లాకెన్ వైపు పారుతుంది. ఫొటోలో లోయ చివర మంచు శిఖరం ఉంది కాబట్టి కెమెరా దక్షిణానికి తిరిగి ఉంది. దక్షిణానికి తిరిగినవాడికి కుడిచెయ్యి పడమర. అంటే జలపాతం పడమటి గోడ మీద ఉండాలి. ఊరి పక్కనే, పడమటి గోడ మీద, 297 మీటర్ల ఎత్తు నుంచి పడేది స్టౌబాఖ్. దాని పైన ఉన్న మెట్టు కూడా మ్యాప్‌లో స్పష్టంగా ఉంది. అదే మెట్టు మీద ఇంకొంచెం దక్షిణాన, దాదాపు 1,640 మీటర్ల ఎత్తులో మ్యూరెన్ అనే ఊరుంది. కుప్ప, ఖాళీ, మళ్లీ కుప్ప అనే గీతల వరుస ఇక్కడ సరిగ్గా కనిపిస్తుంది.

వెలుతురు కూడా ఒక సాక్షి. పడమటి గోడ తూర్పుకు ముఖం పెట్టి ఉంటుంది కాబట్టి దాని మీద ఎండ పడేది ఉదయం. ఫొటోలో జలపాతం తళతళలాడుతూ ఎడమవైపు గోడ నీడలో ఉంటే అది పొద్దుటి ఫొటో, మన లెక్కకు సరిపోతుంది. అదే ఫొటో కింద ‘సాయంత్రం తీసింది’ అని రాసి ఉంటే, ఆ మాటన్నా తప్పయి ఉండాలి, మనం అనుకున్న దిక్కన్నా తప్పయి ఉండాలి.

ఇక అద్దంలో తిప్పిన ఫొటోల గొడవ ఒకటుంది. ఫొటోలను కుడిఎడమలు మార్చి పెట్టేవాళ్లు చాలామందే ఉన్నారు. జలపాతం ఎడమవైపు కనిపిస్తే రెండు అవకాశాలు: ఫొటోను తిప్పేశారు, లేదా కెమెరా ఉత్తరానికి చూస్తోంది. వీటిని వేరుచేయడం తేలిక. ఉత్తరానికి చూస్తే లోయ చివర మంచు శిఖరం ఉండదు, పచ్చటి పొట్టి కొండలే ఉంటాయి. జలపాతం ఎడమన, మంచుకొండ వెనకన, రెండూ కలిసి ఉంటే అది తిప్పిన ఫొటోయే.

ఇంతవరకూ పై నుంచి చూశాం. అసలు పరీక్ష నేల మీద నిలబడి చూసినప్పుడు జరుగుతుంది. కంప్యూటర్‌లో వేసుకునే గూగుల్ ఎర్త్ ప్రోలో కెమెరాను ఊరి వీధి ఎత్తుకు దించి దక్షిణానికి తిప్పండి. దానికి ముందు Tools > Options > 3D View లోకి వెళ్లి Elevation Exaggeration దగ్గర 1 ఉందో లేదో చూసుకోండి. ఆ సంఖ్య పెరిగితే కొండలన్నీ ఉన్నదానికన్నా ఎత్తుగా సాగిపోతాయి, సరైన చోటు కూడా తప్పులా కనిపిస్తుంది.

ఇక్కడ చాలామందిని తికమకపెట్టే విషయం ఒకటుంది. లోయ చివర కనిపించే బ్రైట్‌హార్న్ శిఖరం ఎత్తు 3,780 మీటర్లు. స్టౌబాఖ్ అంచు అందులో మూడో వంతు ఎత్తు కూడా ఉండదు. అయినా ఫొటోలో జలపాతం అంచే శిఖరం కన్నా పైన ఉంటుంది. తప్పేమీ లేదు, దూరం చేసే పని అది. ఊరు సుమారు 800 మీటర్ల ఎత్తులో ఉంది. శిఖరం అక్కడి నుంచి దాదాపు 2,980 మీటర్లు పైన, కానీ 12 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. లెక్కేస్తే చూపు 13 డిగ్రీలు పైకెత్తితే చాలు. జలపాతానికి 700 మీటర్ల దూరంలో నిలబడితే దాని అంచును చూడటానికి దాదాపు 25 డిగ్రీలు తలెత్తాలి. కొండల అసలు ఎత్తులు పోల్చి ‘ఇది కాదు’ అని కొట్టేయకూడదు. పోల్చాల్సింది నిలబడిన చోటు నుంచి కనిపించే కోణాలను.

ఈ కోణాల తేడాయే ఫొటో తీసిన చోటును కూడా పట్టిస్తుంది. ఊళ్లో వంద మీటర్లు నడిస్తే జలపాతం, చర్చి పక్కకు జరుగుతాయి, 12 కిలోమీటర్ల అవతలి శిఖరం మాత్రం కదిలినట్టే ఉండదు. కాబట్టి ఫొటోలో దగ్గరి వస్తువు, దూరపు వస్తువు ఒకే నిలువు వరుసలో ఉన్న చోటు వెతకండి. ఉదాహరణకు చర్చి గోపురం మొన వెనకాల శిఖరాల వరుసలో ఏ పల్లం ఉందో చూడండి. మ్యాప్‌లో ఆ పల్లం నుంచి గోపురం మీదుగా ఒక సరళరేఖ గీసి ఇవతలికి పొడిగిస్తే, కెమెరా ఆ రేఖ మీదే ఎక్కడో ఉంది. ఇలాంటి జంట ఇంకొకటి, మొదటిదానికి పక్కగా ఉన్నది, దొరికితే రెండో రేఖ వస్తుంది. రెండూ కలిసిన చోట కెమెరా ఉంది. రెండు జంటలూ ఒకే వైపు ఉంటే రేఖలు దాదాపు పక్కపక్కనే సాగి, కలిసే చోటు పొడుగ్గా అస్పష్టంగా వస్తుంది. ఫొటోకు ఎడమ కొస నుంచి ఒకటి, కుడి కొస నుంచి ఒకటి తీసుకోవడం మేలు.

జూమ్ వల్ల వచ్చే మోసం కూడా ఇక్కడే బయటపడుతుంది. ఫోన్ మామూలు లెన్స్ అడ్డంగా దాదాపు 70 డిగ్రీల దృశ్యాన్ని పడుతుంది. అదే 100 మిల్లీమీటర్ల లెన్స్‌తో దూరం నుంచి తీస్తే 20 డిగ్రీలే పడుతుంది, మంచుకొండ ఊరి నెత్తిమీదికి వచ్చి కూర్చున్నట్టుంటుంది. అలాంటి ఫొటోలో వస్తువుల సైజులు పోల్చడం దండగ. ఏది దేని వెనక ఉంది అన్న వరుస మాత్రం ఏ లెన్స్‌తో తీసినా మారదు.

మరి త్రీడీ వ్యూలో జలపాతం ఫొటోలో ఉన్నట్టే కనిపిస్తుందా? చాలాసార్లు కనిపించదు, దీనికి టెన్షన్ పడక్కర్లేదు. ప్రపంచమంతటికీ ఉచితంగా దొరికే ఎత్తుల డేటాలో ఎక్కువ భాగం ముప్ఫై మీటర్ల గడులుగా ఉంటుంది, గడికి ఒక ఎత్తు. 300 మీటర్ల నిలువు గోడ అంతా ఒకటి రెండు గడుల్లో ఇమిడిపోతుంది కాబట్టి మోడల్‌లో అది జారుడు వాలుగా మారుతుంది. పైగా ఒక చోటికి ఒకే ఎత్తు రాయగలిగే మోడల్‌లో ముందుకు వాలిన బండ అసలు ఇమడదు. స్టౌబాఖ్ నీరు అలాంటి బండ నుంచే గోడను తాకకుండా గాల్లో పడుతుంది. మోడల్‌లో మాత్రం అది వాలుకు అంటించిన తెల్లటి చారలా ఉంటుంది. అదే లోయలో తూర్పువైపున్న ట్రూమెల్‌బాఖ్ జలపాతాల పరిస్థితి మరీ విచిత్రం. అవి కొండ లోపల, బండల చీలికలో పడుతుంటాయి. పై నుంచి తీసిన శాటిలైట్ బొమ్మలో వాటిని వెతికినా ప్రయోజనం లేదు. స్విట్జర్లాండ్‌కైతే ఆ దేశపు అధికారిక మ్యాప్ map.geo.admin.ch లో గోడలు, బండలు చాలా వివరంగా ఉన్నాయి. మన తూర్పు కనుమల్లో ఇరవై ముప్ఫై మీటర్ల జలపాతానికి ఆ సౌకర్యం లేదు. అంత చిన్న గోడ ముప్ఫై మీటర్ల గడుల్లో కరిగిపోతుంది, దట్టమైన అడవి ఉంటే చెట్ల కొసలే నేలగా నమోదై ఉండొచ్చు. మ్యాప్‌లో జలపాతం పేరుతో ఉన్న పిన్ను కూడా కొన్నిసార్లు అసలు చోట కాక, జనం బండ్లు ఆపుకునే చోట ఉంటుంది. అక్కడ జలపాతాన్ని వదిలేసి దాని వెనక కనిపించే కొండల వరుసతో మొదలుపెట్టడమే దారి.

నదీలోయ ఫొటోలకు వచ్చేసరికి ముందుగా నేను చూసేది దిగంతాన్ని. గండికోట ఫొటోలో పెన్నా రెండువైపులా ఎర్రటి బండల గోడలు లేచినా, ఆ గోడల పైఅంచు దాదాపు సమంగా గీత గీసినట్టు సాగుతుంది. నది కొండల మధ్య నుంచి రావడం లేదు, పీఠభూమిని కోసుకుని వెళ్తోంది. మ్యాప్‌లో గీతలు లోయ అంచుల దగ్గర కుప్పపడి, పైన దూరదూరంగా విడిపోతాయి. పాపికొండల దగ్గర గోదావరి ఫొటోలో దిగంతం ఎగుడుదిగుడుగా, ఒక కొండ వెనక ఇంకో కొండగా ఉంటుంది. మ్యాప్‌లో గీతలు నది ఒడ్డు నుంచి శిఖరం దాకా ఆగకుండా ఎక్కుతాయి. రెండూ ఇరుకు లోయలే, రెండూ మనవే. అయినా ఒకదాన్ని ఇంకోదానిగా పొరపాటు పడే అవకాశమే ఉండదు.

జలాశయాల సంగతి వీటన్నిటికన్నా ఆసక్తికరం. నిలిచిన నీరు సమంగా ఉంటుంది కాబట్టి ఫొటోలో కనిపించే ఒడ్డు నిజానికి ఒక కాంటూర్ గీతే, నీరే గీసినది. శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు, అంటే దాదాపు 270 మీటర్లు. నిండుగా ఉన్నప్పుడు ఒడ్డు మ్యాప్‌లోని 270 మీటర్ల గీత వెంటే నడుస్తుంది. మట్టం దాదాపు 840 అడుగుల కిందికి దిగాక, నంద్యాల జిల్లాలోని సంగమేశ్వరం ఆలయం నీటిలోంచి బయటికి వస్తుంది. ఈ రెండు మట్టాల మధ్య తేడా 14 మీటర్లే, కానీ అక్కడి నేల మెల్లటి వాలు కాబట్టి ఒడ్డు చాలా దూరం జరిగిపోతుంది. ఆలయం ముందు పచ్చిక, దూరంగా నీటి అంచు ఉన్న ఫొటోను మామూలు మ్యాప్‌తో పోలిస్తే ఆ చోట నీలిరంగే ఉంటుంది. ‘ఇది సంగమేశ్వరం కాదు’ అని తేల్చేసే ప్రమాదం ఇక్కడే ఉంది.

త్రీడీ వ్యూ కూడా ఇక్కడ సాయం చేయదు. విరివిగా వాడే ఎత్తుల డేటా 2000 ఫిబ్రవరిలో స్పేస్ షటిల్ రాడార్‌తో సేకరించింది. రాడార్‌కు నీటి కింద నేల కనబడదు. ఆనాడు నీళ్లు ఎంతవరకూ ఉంటే అంతవరకూ మోడల్‌లో బల్లపరుపు తలమే ఉంటుంది. దీనికి మందు సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు. కోపర్నికస్ బ్రౌజర్‌లో ఉచితంగా దొరుకుతాయి, దాదాపు ఐదు రోజులకో బొమ్మ, పది మీటర్ల వివరం. ఆలయం అందులో నాలుగైదు చుక్కలే, కానీ నీటి అంచు స్పష్టంగా ఉంటుంది. ఫొటోలో నీటి అంచు ఏ మిట్టను తాకుతోందో, ఏది దీవిగా మిగిలిందో చూసుకుని నెలనెలా బొమ్మలు తిప్పితే, ఏ తేదీల దగ్గర ఒడ్డు ఆ ఆకారంలో ఉందో తెలుస్తుంది. జలాశయ మట్టాలు రోజూ ప్రకటిస్తారు కాబట్టి రెండింటినీ సరిపోల్చుకోవచ్చు.

ఒక చిక్కు మిగులుతుంది. ఒకే మట్టం ఏడాదికి కనీసం రెండుసార్లు వస్తుంది, వేసవికి ముందు తగ్గుతూ ఒకసారి, వరద వచ్చాక పెరుగుతూ ఒకసారి. దీన్ని ఒడ్డు దగ్గర మట్టి తేలుస్తుంది. నీరు తగ్గుతున్నప్పుడు అంచు పక్కన తడి బురద, దాని పైన పగుళ్లు, ఇంకా పైన లేత గడ్డి ఉంటాయి. పెరుగుతున్నప్పుడు బురద పట్టీ ఉండదు, గడ్డి మొదళ్లు నీళ్లలో మునిగి ఉంటాయి, నీరు కూడా ఎర్రగా ఉంటుంది. ఫొటోను పెద్దది చేసి ఆ అంచును చూస్తే ఏ కాలమో చెప్పొచ్చు. ఏ సంవత్సరమో చెప్పాలంటే మాత్రం మళ్లీ ఉపగ్రహ చిత్రాల దగ్గరికే వెళ్లాలి, రెండు సంవత్సరాల్లో ఒడ్డు ఒకేలా ఉంటే ఆ రెండింటి మధ్య తేల్చలేమని ఒప్పుకోవాలి.